పాలు పోసినంతకే బోనస్: చిత్తూరు పాల కథలో లాభం ఎవరిది, పన్ను ఎవరికి?

ఈ ఎపిసోడ్‌లో పాల గురించి మాట్లాడుకుందాం. పాల రుచి గురించి కాదు, పాల డబ్బు గురించి. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పొద్దున్నే క్యాన్లు పట్టుకుని పాల కేంద్రానికి పోయేవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. అమ్మో, అవ్వో, పక్కింటి అక్కో. ఏడాది చివర వాళ్ల అకౌంట్లో ఒక్కోసారి వెయ్యో, రెండు వేలో అదనంగా పడుతుంది. "బోనస్ పడిందిరా" అంటారు. ఆ బోనస్ ఏంటి, ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద ప్రభుత్వం పన్ను వేస్తుందా లేదా? ఈ చిన్న ప్రశ్న వెనక దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది.

ముందు ఆ లెక్క ఎక్కడ మొదలైందో చూద్దాం. ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ అని ఒక మగ్గాల ఊరు. 1844 డిసెంబర్ 21న అక్కడ 28 మంది కలిసి ఒక కొట్టు తెరిచారు. ఎక్కువమంది నేతపనివాళ్లు, చేతిపనివాళ్లు. తలా ఒక పౌండు వేసుకున్నారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్, కొవ్వొత్తులు, అంతే సరుకు. ఏడాది చివర మిగులు వస్తే ఏం చేయాలి? మామూలు వ్యాపారంలో అయితే పెట్టుబడి పెట్టినవాడికి పోతుంది. వీళ్లు వేరేగా ఆలోచించారు. పెట్టుబడికి ఒక హద్దులో వడ్డీ ఇస్తాం, మిగతాది ఎవరు ఎంత కొన్నారో దాన్ని బట్టి వెనక్కి ఇస్తాం అన్నారు. పది పౌండ్ల సరుకు కొన్నవాడికి ఐదు పౌండ్లు కొన్నవాడి కంటే రెట్టింపు.

ఇందులో తర్కం చాలా సింపుల్. ఆ మిగులు ఎలా వచ్చింది? సభ్యుల దగ్గర సరుకుకి కొంచెం ఎక్కువ ధర తీసుకోబట్టి వచ్చింది. అంటే అది లాభం కాదు, పొరపాటున ఎక్కువ తీసుకున్న డబ్బు. దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్లకే ఇవ్వాలి కదా.

ఈ ఆలోచన మన వైపు రావడానికి అరవై ఏళ్లు పట్టింది. అప్పుడు మనమంతా మద్రాసు రాష్ట్రం. చిత్తూరు జిల్లా అనేదే 1911లో ఏర్పడింది. దేశంలో మొదటి సహకార సంఘాల చట్టం 1904లో వచ్చింది, అది అప్పులిచ్చే సంఘాల కోసం మాత్రమే. అదే ఏడాది మద్రాసులో ట్రిప్లికేన్ సహకార సంఘం మొదలై, రోచ్‌డేల్ పద్ధతిలో కొట్లు నడిపింది. మిగతా రకాల సంఘాలకి చట్టం తలుపు తెరిచింది 1912లో.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. పన్ను.

తిరుపతిలో చదువుకుంటా రూమ్ తీసుకుని ఉండే నలుగురు కుర్రాళ్లని అనుకోండి. నెల మొదట్లో తలా మూడు వేలు వేసుకుంటారు. బియ్యం, కూరగాయలు, గ్యాస్. నెలాఖరుకి వెయ్యి మిగిలింది. తలా 250 పంచుకున్నారు. దాన్ని ఎవరైనా "ఆదాయం" అంటారా? అనరు. వాళ్ల డబ్బు వాళ్లకే వచ్చింది. మన డబ్బుతో మనమే లాభం సంపాదించుకోలేం. పన్ను చట్టంలో దీన్ని పరస్పరత సూత్రం అంటారు. ఇంగ్లండ్‌లో 1889లో ఒక జీవిత బీమా సంస్థ కేసులో పెద్ద కోర్టు దీన్ని ఒప్పుకుంది. మన కోర్టులూ ఒప్పుకున్నాయి.

కానీ అదే కుర్రాళ్లు పక్క రూముల వాళ్లకి కూడా క్యారేజీలు అమ్మడం మొదలుపెట్టారనుకోండి. ఆ వచ్చే మిగులు బయటవాళ్ల డబ్బు. అది పక్కా లాభం. అక్కడ పరస్పరత పనిచేయదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. రోచ్‌డేల్ కొట్టులో కొనేది సభ్యులే. మన పాల సంఘంలో? సభ్యులు పాలు పోస్తారు, కానీ తాగేది చెన్నైలోనో బెంగళూరులోనో ఉండేవాళ్లు. డబ్బు బయటి నుంచి వస్తోంది. కాబట్టి "మా డబ్బు మాకే వచ్చింది సార్" అనే వాదన పాల సంఘానికి అంత తేలిగ్గా కుదరదు. చాలామంది దీన్ని కలిపేసి మాట్లాడతారు. పాల సంఘానికి పన్ను లేకపోవడం అనేది సూత్రం వల్ల వచ్చింది కాదు, పార్లమెంటు రాసి ఇచ్చిన మినహాయింపు వల్ల వచ్చింది. రాసి ఇచ్చినదానికి షరతులుంటాయి. కథంతా ఆ షరతుల్లోనే ఉంది.

ఆ మినహాయింపు పేరు సెక్షన్ 80పి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 1968 నుంచి ఉంది. అంతకు ముందు కూడా ఇలాంటివి వేరే నంబర్లతో ఉండేవి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం, మళ్లీ కొత్త నంబర్లు. కానీ ఆడిటర్లు ఇప్పటికీ 80పి అనే అంటారు కాబట్టి నేనూ అదే వాడతా. పాల గురించి అందులో ఏముందంటే: గ్రామ స్థాయి ప్రాథమిక సంఘం, తన సభ్యుల పాలని, పాల వ్యాపారం చేసే పై స్థాయి సహకార సంఘానికో, ప్రభుత్వానికో, ప్రభుత్వ కంపెనీకో సరఫరా చేస్తే, ఆ లాభం మొత్తానికి మినహాయింపు.

మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ప్రాథమిక సంఘం. సభ్యుల పాలు. సహకార సంస్థకో సర్కారుకో అమ్మడం. మూడింట్లో ఏది తప్పినా లెక్క మారుతుంది.

ఒక ఊరి లెక్క వేసి చూద్దాం. ఇది నేను ఉదాహరణకి వేసిన లెక్క, ఏ ఊరిదీ కాదు. ఏడాదికి లక్ష లీటర్ల పాలు పోసే సంఘం. సభ్యులకి లీటరుకి 36 రూపాయలు ఇచ్చింది, అంటే 36 లక్షలు. పైన జిల్లా యూనియన్‌కి 39కి అమ్మింది, 39 లక్షలు. కార్యదర్శి జీతం, ఫ్యాట్ చూసే మిషన్, కరెంటు, అన్నీ కలిపి ఖర్చు 2 లక్షలు. మిగిలింది లక్ష.

జిల్లా యూనియన్ సహకార సంస్థే కాబట్టి పన్ను సున్నా. లక్షలో 25 వేలు రిజర్వు నిధికి పక్కన పెట్టారనుకుందాం. మిగతా 75 వేలు బోనస్. లక్ష లీటర్లకి 75 వేలంటే లీటరుకి 75 పైసలు. ఒక్క ఆవున్న అక్క ఏడాదికి 2,000 లీటర్లు పోసింది, ఆమెకి 1,500. మూడావులున్న ఇంకొకామె 6,000 లీటర్లు పోసింది, ఆమెకి 4,500. ఇద్దరి దగ్గరా ఉన్న షేరు ఒకటే. ఓటూ ఒకటే. తేడా పోసిన పాలలో మాత్రమే.

ఇప్పుడు అదే సంఘం ఆ పాలనే ప్రైవేటు డెయిరీకి అమ్మిందనుకోండి. ధర అదే, మిగులు అదే లక్ష. కానీ పూర్తి మినహాయింపు పోయింది. ఇతర పనుల ఆదాయానికి 80పిలోనే ఒక చిన్న మినహాయింపుంది, 50 వేల దాకా. అది తీసేస్తే పన్ను పడేది 50 వేల మీద. సహకార సంఘాలకి మామూలు శ్లాబులు ఇలా ఉంటాయి: మొదటి 10 వేలకి 10 శాతం, తర్వాతి 10 వేలకి 20 శాతం, ఆ పైన 30 శాతం. అంటే 1,000, 2,000, 9,000, కలిపి 12,000. దాని మీద 4 శాతం సెస్ 480. మొత్తం 12,480 రూపాయలు. పాలు మారలేదు, ఆవులు మారలేదు, క్యాన్ ఎక్కిన లారీ మారింది. అంతే.

మూడోది, అదే వ్యాపారం ఒక కంపెనీ చేసింది. ఆ లక్ష మీద, 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జీ, సెస్ కలిపి 25 శాతం పైన, అంటే 25,168 రూపాయలు. మిగిలిన 74,832 డివిడెండ్‌గా పంచితే షేర్లు ఉన్నవాళ్లకి పోతుంది, షేర్ల లెక్కన. 2020 నుంచి ఆ డివిడెండ్ తీసుకున్నవాళ్లు తమ ఆదాయంలో కలిపి మళ్లీ పన్ను కట్టాలి. పాలు పోసిన అక్కకి దాంట్లో పైసా రాదు. ఆమెకి కంపెనీ ఇచ్చిన ధరే ఆఖరు. ఇందులో మోసమేం లేదు, కంపెనీ అంటేనే అది. పెట్టుబడి పెట్టినవాడి నష్టభయానికి లాభం ప్రతిఫలం.

ఇప్పుడు మన జిల్లా కథ. చిత్తూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ అంటే, అందరూ పిలిచే పేరు చిత్తూరు డెయిరీ. మన పెద్దవాళ్లని అడగండి, ఊరూరా పాల కేంద్రం, చిత్తూరులో పెద్ద డెయిరీ, బాగా గుర్తుంటుంది. అది 2002లో మూతపడింది. ఎందుకు మూతపడింది, ఎవరు కారణం అనేది ఇప్పటికీ ఎన్నికల సభల్లో అరుచుకునే విషయం, నేను అటు పోను. 2023 జూలై 4న అమూల్‌తో తిరిగి తెరిపిస్తామని చిత్తూరులో భూమిపూజ జరిగింది. ఈ మధ్యలో, 1992లోనే, హెరిటేజ్ మొదలైంది. అది షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ. అంటే ఒకే జిల్లాలో మనం పైన చెప్పుకున్న రెండు లెక్కలూ పక్కపక్కన నడిచాయి.

పన్ను దృష్టితో చూస్తే డెయిరీ మూతపడటంలో ఎవరూ పట్టించుకోని ఒక సంగతి ఉంది. పైన యూనియన్ లేకపోతే కింద ఊరి సంఘం ఎవరికి అమ్మాలి? ఎవరికి అమ్మితే పూర్తి మినహాయింపు వస్తుందో ఆ కొనేవాడే మాయమయ్యాడు. ఊరి సంఘం ఉన్నా, చట్టం దృష్టిలో దాని పాలకి విలువ తగ్గినట్టే.

అదే 2002లో ఢిల్లీలో ఇంకోటి జరిగింది. వై.కె. అలఘ్ కమిటీ సిఫార్సుల మీద కంపెనీల చట్టాన్ని సవరించి "ఉత్పత్తిదారుల కంపెనీ" అనే కొత్త రూపం తెచ్చారు. 2003 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. పేరుకి కంపెనీ, లోపల సహకార సంఘం లాంటిది. పాలు పోసేవాళ్లే సభ్యులు, మనిషికి ఒక ఓటు, షేరు మీద డివిడెండుకి హద్దు. ఇంకా చట్టంలోనే రెండు మాటలు రాశారు. ఒకటి, "ఆపి ఉంచిన ధర": ఇవ్వాల్సిన ధరలో కొంత ఇప్పుడివ్వకుండా తర్వాత ఇవ్వడం. రెండు, "వ్యాపారాన్ని బట్టి బోనస్": ఏడాది మిగులులోంచి, పోసిన పాల లెక్కన ఇవ్వడం. రోచ్‌డేల్ వాళ్ల లెక్క కంపెనీల చట్టంలోకి నడిచొచ్చింది, చూడండి.

మన తిరుపతిలో 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఈ రూపమే. సభ్యులందరూ ఆడవాళ్లే, లక్షకు పైగా ఉన్నారు. జాతీయ పాడి అభివృద్ధి మండలి అనుబంధ సంస్థ సాంకేతిక సాయం చేసింది.

సరే, లోపల సహకారం అన్నాం కదా, మరి పన్ను? పన్ను చట్టం పేరు చూస్తుంది. 80పి "సహకార సంఘానికి" అని రాసుంది. ఉత్పత్తిదారుల కంపెనీ సహకార సంఘం కాదు, కంపెనీ. కాబట్టి కంపెనీ పన్నే. 2018 బడ్జెట్‌లో కొంచెం సర్దారు. 80పిఎ అని కొత్త సెక్షన్ పెట్టి, ఉత్పత్తిదారుల కంపెనీల వ్యవసాయ వ్యాపార లాభానికి కొన్నేళ్లు పూర్తి మినహాయింపు ఇచ్చారు. షరతు: టర్నోవర్ 100 కోట్ల లోపు ఉండాలి. లక్ష మంది పాలు పోసే సంస్థకి 100 కోట్లు ఎంత చిన్న గీతో లెక్కేయండి. లక్ష మంది, మనిషికి ఏడాదికి పది వేల రూపాయల పాలు పోసినా చాలు, 100 కోట్లు అయిపోతుంది. నా అభిప్రాయం చెప్పాలంటే, సభ్యులు ఎంత మంది పేదవాళ్లో చూడాల్సిన చోట మొత్తం సైజు చూశారు. చిన్నచిన్న వాళ్లు లక్ష మంది కలిస్తే పెద్ద సంస్థ అవుతుంది, అంతమాత్రాన వాళ్లు పెద్దవాళ్లు కారు.

అలాంటప్పుడు సభ్యుల సంస్థ ఏం చేయగలదు? ఇక్కడే అసలు కీలకం. మన ఊరి లెక్కకి మళ్లీ రండి. లక్ష లీటర్లు, లక్ష మిగులు. సంస్థ సంవత్సరం మధ్యలోనే లీటరుకి ఇంకో రూపాయి కలిపి 37 ఇచ్చిందనుకోండి. మిగులు సున్నా. పన్ను వేయడానికి ఏమీ లేదు. ఎందుకంటే పాలకి ఇచ్చిన ధర ఖర్చు. అదే రూపాయిని ఏడాది దాటాక, లెక్కలు మూసి, లాభం తేల్చి, దాంట్లోంచి "బోనస్" అని ఇస్తే అది లాభం పంపకం. ముందు పన్ను కట్టి, మిగిలింది ఇవ్వాలి. అక్క చేతికి వచ్చేది పాల డబ్బే, ఆమెకి తేడా తెలీదు. పుస్తకాల్లో మాత్రం అది ఏ వరసలో ఎక్కింది, ఏ తేదీకి ముందు ఎక్కింది అనేదాన్ని బట్టి నాలుగో వంతు ఉంటుంది లేదా పోతుంది.

ఇది వట్టి థియరీ అనుకోకండి. చెరకు సహకార ఫ్యాక్టరీల మీద సరిగ్గా ఈ ప్రశ్నే దశాబ్దాలు కోర్టుల్లో నలిగింది. మన జిల్లాలోనూ చిత్తూరులో, రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఉండేవి, కానీ పెద్ద కేసులు మహారాష్ట్రవి. అక్కడ ఫ్యాక్టరీలు సీజన్ ముగిశాక ప్రభుత్వం చెప్పిన కనీస ధర మీద ఇంకొంత కలిపి రైతులకి ఇచ్చేవి. ఇది చెరకు ధర అన్నారు ఫ్యాక్టరీ వాళ్లు. కాదు, ధర పేరుతో లాభం పంచుతున్నారు అన్నారు పన్ను అధికారులు. 2019లో సుప్రీం కోర్టు మధ్యస్థంగా చెప్పింది: ఆ ఇచ్చినదాంట్లో లాభం భాగం ఎంతో, ధర భాగం ఎంతో విడదీయండి, లాభం భాగం ఖర్చు కాదు, మిగతాది ఖర్చే. ఈలోగా పార్లమెంటు 2015లోనే చట్టం మార్చింది. ప్రభుత్వం నిర్ణయించిన, ఆమోదించిన ధర దాకా సహకార ఫ్యాక్టరీ చెరకుకి ఇస్తే అది ఖర్చే అని. పాత సంవత్సరాలకి కూడా 2023 బడ్జెట్‌లో ఊరట ఇచ్చారు, దాని విలువ దాదాపు 10,000 కోట్లు అని ఆర్థిక మంత్రి చెప్పారు. ఒక మాటకి, "ధర"కీ "లాభం"కీ మధ్య తేడాకి, 10,000 కోట్లు.

ఇంకో కేసు మన హైదరాబాద్‌దే, చెప్పకపోతే కథ సగమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది, ప్రభుత్వ జోక్యం తగ్గించి సంఘాన్ని సభ్యుల చేతిలో పెట్టడానికి. ఆ చట్టం కింద నడిచిన సిటిజన్ కోఆపరేటివ్ సొసైటీ 80పి మినహాయింపు అడిగింది. 2017 ఆగస్టులో సుప్రీం కోర్టు కుదరదంది. కారణం ఏంటంటే, సంఘం "నామినల్ సభ్యులు" అని ఒక రకం పెట్టి వాళ్ల దగ్గర డిపాజిట్లు తీసుకుంది, మామూలు జనానికి బంగారం మీద అప్పులిచ్చింది. ఆ నామినల్ సభ్యులు చట్టం చెప్పిన అర్థంలో సభ్యులే కారు అంది కోర్టు. డబ్బు ఇచ్చేవాళ్లు వేరు, వాడుకునేవాళ్లు వేరు అయినప్పుడు పరస్పరత ఎక్కడుంది అని అడిగింది. మన రూమ్ కుర్రాళ్ల క్యారేజీ కథే ఇది. తర్వాత 2021లో కేరళ సంఘాల కేసులో కోర్టు, చట్టం ఒప్పుకున్న సభ్యులైతే మినహాయింపుని ఉదారంగా చూడాలంది. బయటవాళ్లతో చేసిన భాగాన్ని మాత్రం విడదీయాలి.

పాల సంఘంలో ఇది ఎలా కనిపిస్తుంది? కేంద్రంలో సభ్యత్వం లేనివాళ్ల పాలు కూడా పోయించుకుంటారు. అది తప్పు కాదు. కానీ ఆ పాల మీద వచ్చిన మిగులుని సభ్యుల పాల మిగులుతో కలిపి మొత్తం మినహాయింపు అడిగితే, అధికారి అడిగే మొదటి ప్రశ్న సభ్యుల రిజిస్టర్ ఏది అని. రిజిస్టర్‌లో పేరు లేని పాస్‌బుక్కులు నలభై ఉంటే అక్కడే చిక్కు. ఇంకోటి, మిగులు డబ్బుని బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, ఆ వడ్డీని కూడా పాల ఆదాయం అనుకోవడం. 2010లో కర్ణాటకకి చెందిన ఒక మార్కెటింగ్ సంఘం కేసులో సుప్రీం కోర్టు ఆ వడ్డీ వ్యాపార ఆదాయం కాదు, పన్ను కట్టాలంది. మూడోది అన్నిటికంటే సిల్లీగా పోయేది: 2018 మార్పు తర్వాత గడువులోపు రిటర్న్ వేయకపోతే 80పి మొత్తం పోతుంది. పన్ను సున్నా కదా, రిటర్న్ ఎందుకు అనుకున్న కార్యదర్శులు చాలామంది నోటీసు వచ్చాకే మేల్కొన్నారు. ఆలస్యం మాఫీకి దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది, కానీ ఆడిట్ ఎందుకు ఆలస్యమైందో కాగితాలతో చూపించాలి.

మీ ఇంట్లో పాలు పోసేవాళ్లుంటే ఒక పని చేయండి. వాళ్ల పాస్‌బుక్‌లో ఏడాది మొత్తం లీటర్లు కూడండి. వచ్చిన బోనస్‌ని ఆ లీటర్లతో భాగించండి. పక్కింటి వాళ్లదీ అలాగే చేయండి. కొన్ని చోట్ల లీటర్ల బదులు పాల డబ్బు మీద లెక్కేస్తారు, అప్పుడు రూపాయికి ఎన్ని పైసలో చూడండి. ఇద్దరికీ ఒకే అంకె వస్తే అది పాలు పోసినందుకు వచ్చిన డబ్బు. అంకెలు వేరుగా వచ్చి, షేర్లతో భాగిస్తే సమానంగా వస్తే అది డివిడెండ్, పేరు ఏదైనా సరే. ఏ అంకెతోనూ కుదరకపోతే, సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి ఆడిట్ రిపోర్టులో మిగులు పంపకం పేజీ చదవమని అడగొచ్చు. సభ్యురాలికి ఆ హక్కుంది, ఒక్క ఆవున్నా సరే.